అయిదు లీటర్ల క్యానులో ఇరవై అయిదు మిల్లీలీటర్ల లెక్క

సంపాదకులకు నమస్కారం.

పెట్రోలు బంకుల్లో కొలత తగ్గుతోందంటూ మీ పత్రికలో తరచూ వార్తలు చదువుతున్నాను. చాలా వార్తల్లో తగవు ఒక్క తీరుగానే ఉంటుంది. వినియోగదారుడు లీటరు నీళ్ల సీసాలో పెట్రోలు పట్టి, మూతిదాకా రాలేదని నిలదీస్తాడు. బంకువాళ్లు తమ యంత్రానికి తూనికలు కొలతల శాఖ సీలు ఉందని చెప్పి తప్పుకుంటారు. ఈ రెండు మాటల వల్లా కొలత తేలదు. సీసా కొలపాత్ర కాదు. లీటరు అని ముద్రించిన సీసాలో లీటరు మట్టం మూతికి కిందనే ఉంటుంది, మూతిదాకా నింపితే లీటరు దాటిపోతుంది. ఇక సీలు చెప్పేది ఆ యంత్రాన్ని ఫలానా రోజున సరిచూశారని మాత్రమే. ఈరోజు ఈ నాజిల్ ఎంత పోస్తోందో దాన్నిబట్టి తెలియదు.

తేల్చుకునే సాధనం ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగినవారికి చూపాలి. అది శంకువు ఆకారంలో, సన్నటి మెడతో ఉండే అయిదు లీటర్ల లోహపు క్యాను. మెడ సన్నగా ఉండటానికి కారణం ఉంది. వెడల్పాటి పాత్రలో పది మిల్లీలీటర్ల తేడా కంటికి ఆనదు, సన్నటి మెడలో అదే తేడా స్పష్టంగా పైకో కిందికో కదులుతుంది. మెడకు అమర్చిన గాజు పక్కన గీతలు ఉంటాయి. సున్నా గీత దగ్గర మట్టం ఆగితే సరిగ్గా అయిదు లీటర్లు. సున్నాకు పైన ఉంటే ఎక్కువ పోసినట్టు, కింద ఉంటే తక్కువ పోసినట్టు. క్యాను మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, దానికి ఇచ్చిన ధ్రువీకరణ పత్రం గడువు దాటకూడదు. ముద్ర లేని క్యానుతో, సొట్టపడిన క్యానుతో చేసిన పరీక్షకు విలువ లేదు. సొట్టపడితే లోపలి ఖాళీ తగ్గి మట్టం పైకి లేస్తుంది, అంటే తక్కువ పోసినా సరిగానే పోసినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు అంకె. మన దేశంలో పెట్రోలు, డీజిలు పోసే యంత్రానికి అయిదు లీటర్ల మీద అటూ ఇటూ ఇరవై అయిదు మిల్లీలీటర్ల తేడాను అనుమతిస్తారు. అంటే అర శాతం. మట్టం సున్నాకు 25 కింద ఉన్నా, 25 పైన ఉన్నా యంత్రం హద్దులో ఉన్నట్టే. ఈ అంకె తెలియక సున్నాకు కాస్త కింద కనిపించగానే మోసం అని కేకలు వేసేవారున్నారు, నలభై తగ్గినా "మామూలేనండి" అనే మాట విని వెళ్లిపోయేవారూ ఉన్నారు.

లీటరు పోయించుకుని పరీక్షిస్తే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. అర శాతం లెక్కన లీటరుకు అయిదు మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచా. యంత్రం తెర మీద కనిపించే చివరి అంకె లీటరులో నూరో వంతు, అంటే పది మిల్లీలీటర్లు. తెర చూపగలిగే అతి చిన్న మెట్టే మనం వెతుకుతున్న తేడాకు రెట్టింపు ఉంటే ఆ తేడాను దేనితో పట్టుకుంటాం? అందుకే పరీక్ష అయిదు లీటర్ల మీద పెట్టారు. అక్కడ ఇరవై అయిదు మిల్లీలీటర్లు సన్నటి మెడలో కంటికి తెలుస్తాయి.

ఈ మధ్య మా ఊరి బైపాసు రోడ్డు మీది ఒక బంకులో జరిగింది రాస్తాను. నాకు తెలిసిన ఆటో డ్రైవరు ఒకరు క్యాను తెప్పించి పరీక్ష అడిగారు. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి తోడు రమ్మన్నారు. బంకు కుర్రవాడు పొడిగా ఉన్న క్యానును నేల మీద పెట్టి తెర మీద 5.00 వచ్చేదాకా పోశాడు. నిలబడే మెడలోకి చూసి "మైనస్ పదిహేను" అన్నాడు. డ్రైవరు గొంతుకూర్చుని చూసి 25, 30 గీతల మధ్య ఉందన్నారు. కుర్రవాడు అబద్ధమాడలేదు. గీతలు ముందువైపు ఉంటాయి, పెట్రోలు మట్టం గాజు వెనక ఉంటుంది. పైనుంచి ఏటవాలుగా చూస్తే మట్టం ఉన్నదానికంటే పై గీత దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. నిలబడి చదివిన ప్రతిసారీ లాభం బంకుకే. కన్ను మట్టానికి సమానంగా ఉండాలి, పెట్రోలు అంచుల దగ్గర కాస్త పైకి పాకుతుంది కాబట్టి నడుమ ఉన్న పల్లపు అంచును చదవాలి.

డ్రైవరు చదివింది సరైనదే, అయినా ఆ పరీక్ష సరైనది కాదు. ఈ క్యాన్లను తడిపి, వంచి, చుక్కలు కారనిచ్చిన తరువాత వాడే పద్ధతిలో సరిచూస్తారు. పొడి క్యానులో పోస్తే గోడలకు పొరగా అంటుకోవలసిన పెట్రోలు ఆ పోసినదాంట్లోంచే పోతుంది, మట్టం కొన్ని మిల్లీలీటర్లు తక్కువ చూపుతుంది. ఈ తప్పు వినియోగదారుడికి అనుకూలంగా, బంకుకు అన్యాయంగా పడుతుంది. అందుకని పోసిన పెట్రోలును బంకు ట్యాంకులోకి తిరిగి పోయించి, క్యానును అర నిమిషం వంచి ఉంచమన్నాను. సమతలంగా ఉన్న చోట పెట్టి, తెర సున్నాకు వచ్చిందని ముగ్గురం చూసుకుని, మళ్లీ పోయించాం. ఈసారి నాజిల్ వదిలేసరికి తెర 5.01 దగ్గర ఆగింది. అలా ఆగితే ఆ పది మిల్లీలీటర్లను లెక్కలోకి తీసుకోవాలి. క్యానులో మట్టం మైనస్ పది దగ్గర ఉంది. తెర పది ఎక్కువ పోశానంటోంది, క్యాను పది తక్కువ అంటోంది. కలిపితే అసలు లోటు ఇరవై. నురగ అణిగేదాకా ఆగి మరోసారి చూసినా అదే. ఇరవై అయిదు హద్దు, ఇరవై లోటు. యంత్రం నెగ్గింది, డ్రైవరు తగవు మాని వెళ్లిపోయారు.

నేను మాత్రం అక్కడితో వదిలిపెట్టలేకపోతున్నాను. ఆ ఇరవై అయిదు మిల్లీలీటర్లు యంత్రానికి ఇచ్చిన వెసులుబాటు. మీటరులోని భాగాలు అరుగుతాయి కాబట్టి కొలత కొద్దిగా కదులుతుంది, అందుకు ఇచ్చింది. అది యజమానికి ఇచ్చిన వాటా కాదు. అరుగుదల వల్ల వచ్చే తేడా అయితే బంకులోని నాజిళ్లన్నీ తక్కువ వైపే ఒరగవలసిన పని లేదు. అన్నీ ఒకే వైపు, హద్దుకు ఒక అడుగు ఇవతల వరుసగా నిలబడితే ఎవరైనా సందేహించవలసిందే. లెక్క వేసి చూడండి. అయిదు లీటర్లకు ఇరవై అంటే వెయ్యి లీటర్లకు నాలుగు లీటర్లు. రోజుకు ఆరు వేల లీటర్లు అమ్మే బంకు అనుకుంటే రోజుకు ఇరవై నాలుగు లీటర్లు పోయకుండానే అమ్మినట్టు. లీటరు వంద దాటిన రోజుల్లో అది రోజుకు రెండు వేల నాలుగు వందల రూపాయలకు పైమాటే. ఆటో నడిపేవారికి ఒక్కసారి పోయించుకుంటే పోయేది రెండు రూపాయలే కాబట్టి ఎవరూ అడగరు.

అడగడానికి ఆధారం బంకులోనే ఉంది. రోజూ ఉదయం అమ్మకం మొదలుపెట్టే ముందు ప్రతి నాజిల్‌నూ ఇదే క్యానుతో చూసి రిజిస్టరులో రాయాలి. పరీక్షకు పోసిన అయిదు లీటర్లను తిరిగి ట్యాంకులో పోసి, ఆ మేరకు అమ్మకం లెక్కలో తగ్గించుకుంటారు. వినియోగదారుడు అడిగి చేయించిన పరీక్షకూ ఇదే పద్ధతి, దానికి ఎవరూ పైసా ఇవ్వనక్కరలేదు. ఆ రిజిస్టరులో నెలల తరబడి రాసిన అంకెలు వరుసగా చదివితే, తేడా అరుగుదల వల్ల మెల్లగా వచ్చిందా, లేక సరిచూసిన మర్నాడే మైనస్ ఇరవై దగ్గర కూర్చుందా అన్నది తెలిసిపోతుంది. అన్ని రోజులూ "0" అని ఒకే చేతిరాతతో నింపి ఉంటే అదీ ఒక సమాచారమే.

తూనికలు కొలతల శాఖకు నా విన్నపం ఇదే. బంకు యంత్రాలను ఏడాదికోసారి సరిచూసి సీలు వేసేటప్పుడు, హద్దులో ఉందా లేదా అన్నంతవరకే చూడకండి. సున్నాకు ఎంత దగ్గరగా తేవడానికి వీలుంటే అంత దగ్గరగా సర్ది సీలు వేయించండి. వచ్చే ఏడాది వెళ్లినప్పుడు రోజువారీ రిజిస్టరు తెరిచి, అన్ని నాజిళ్లూ ఒకే వైపుకు ఒరిగిన బంకులను విడిగా గుర్తుపెట్టుకుని, వాటికి చెప్పకుండా వెళ్లండి.

చెప్పకుండా వెళ్లడం ఎందుకు ముఖ్యమో 2020 సెప్టెంబరులో మనం చూశాం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని బంకుల యంత్రాల్లో చిప్‌లు అమర్చిన ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. చిప్ మోసంలో లోటు చిన్నది కాదు. లీటరుకు ముప్పై మిల్లీలీటర్లు తగ్గిస్తే అయిదు లీటర్ల క్యానులో నూట యాభై, అంటే హద్దుకు ఆరు రెట్లు. మట్టం మెడ గీతలకే అందకపోవచ్చు. కానీ అలాంటి చిప్‌ను కావాలనుకున్నప్పుడు ఆపేసే ఏర్పాటు ఉంటే, క్యాను కనిపించగానే యంత్రం సరిగ్గా పోస్తుంది. క్యాను చెప్పేది ఆ నిమిషాన ఆ నాజిల్ పోసిన అయిదు లీటర్ల సంగతే. అంతకుముందు పోసిన బండి సంగతి అది చెప్పలేదు. వైర్లు, సీళ్లు, లోపలి బోర్డు చూడటం అధికారుల పని, పౌరుడి వల్ల కాదు.

పౌరుడు చేయగలిగింది ఉంది. హద్దు దాటిన లోటు తడి క్యానుతో రెండోసారి కూడా కనిపిస్తే, ఆ నాజిల్ సంఖ్య, తేదీ, సమయం, తెర చూపిన అంకె, క్యాను చూపిన అంకె కాగితం మీద రాసుకోవాలి. బంకులో ఫోను తీయవద్దు, అది పెట్రోలు ఆవిరి ఉండే చోటు. అవే వివరాలు బంకు ఫిర్యాదుల పుస్తకంలో రాయాలి. జిల్లా తూనికలు కొలతల కార్యాలయానికి గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ చెప్పాలి. "పెట్రోలు తక్కువ పోస్తున్నారు" అన్న ఫిర్యాదు పక్కన పడుతుంది. "మూడో నాజిల్, తెర 5.00, క్యాను మైనస్ 40, తడి క్యానుతో రెండుసార్లు" అన్న ఫిర్యాదును పక్కన పెట్టడం కష్టం.

చమురు కంపెనీలను అడిగేది ఒక్కటే. ఉచిత గాలి, మంచినీళ్లు అని రాసే బోర్డు పక్కనే క్యానును అందరికీ కనిపించేలా పెట్టించి, దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఇలా రాయించండి: "అయిదు లీటర్లకు అనుమతించిన తేడా 25 మిల్లీలీటర్లు. ముందు క్యాను తడపండి. వంగి చూడండి."

భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
ఖమ్మం