‘తత్సమానం’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు,

‘డిగ్రీ లేదా తత్సమాన అర్హత’ అని ఉద్యోగ ప్రకటనలో ఉంటుంది. దరఖాస్తు ఫారంలో మాత్రం ‘మీకు డిగ్రీ ఉందా?’ అన్న ప్రశ్నకు అవును, కాదు అనే రెండే జవాబులు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు అభ్యర్థులను వడపోసిన నాకు ఇది స్వానుభవం. కంప్యూటర్ డిప్లొమా చేసి, టెస్టింగ్‌లో అయిదేళ్లు పనిచేసిన ఒక అభ్యర్థి నిజాయితీగా ‘కాదు’ అని నొక్కాడు. ఆయన దరఖాస్తును ఏ మనిషీ చదవకముందే యంత్రం పక్కన పెట్టేసింది. సొంతంగా కోడింగ్ నేర్చుకున్న మరొకరు ‘అవును’ అని నొక్కి ఇంటర్వ్యూలన్నీ నెగ్గారు. పత్రాల పరిశీలనలో దొరికిపోయారు, ఆఫర్ రద్దయింది. అబద్ధాన్ని నేను సమర్థించను, కానీ ఆ ఫారం ఆయనకు ఇంకో దారి ఇవ్వలేదు.

పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసినవారికి ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో సీటిస్తున్నాం. అంటే అది డిగ్రీ కాదు, ఒట్టి ఇంటర్ కూడా కాదు. మరి ఉద్యోగానికి దాన్ని ఎలా లెక్కించాలి? ఏ అర్హత దేనికి సమానమో తేల్చాల్సింది కోర్టులు కాదు, నియామక సంస్థే అని జమ్మూకశ్మీర్ టెక్నీషియన్ పోస్టుల కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు సంస్థ ఆ లెక్కను ముందే ప్రకటించాలి: డిప్లొమాకు ఎన్నేళ్ల అనుభవం కలిస్తే చాలు, డిగ్రీ, డిప్లొమా రెండూ లేనివారికి ఏ పరీక్ష పెడతారు అన్నది. ఫారంలో ‘తత్సమానం’ అనే మూడో గడి చేర్చి, దాన్ని నొక్కినవారి దరఖాస్తులను మనిషి చదివేలా చూడాలి.

– ఒక మాజీ నియామక ఉద్యోగి, హైదరాబాద్