వత్తులు అతుక్కుపోయిన ఆహ్వాన వీడియోల గురించి

“అన్నా, మా అమ్మాయి పెళ్లి ఆహ్వానం వీడియోలో ముహూర్తం లైన్ చదవలేకపోతున్నాం. వత్తులన్నీ అతుక్కుపోయాయి. మీ దగ్గర మంచి ఫాంట్లు లేవా?”

ఉన్నాయమ్మా. ఫాంట్‌ను వాడిన తీరే బాగాలేదు, ఆ తప్పు మాదే. ఈ సీజన్‌లో మా షాపు నుంచి వెళ్లిన వీడియోల్లో మరికొన్నిటికీ ఇదే జరిగింది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ లైన్ ఇది: “జ్యేష్ఠ బహుళ తదియ, ఉత్తరాషాఢ నక్షత్రయుక్త మిథున లగ్నం”. జ్యే, ష్ఠ, త్త, క్ష, త్ర, క్త, గ్నం... దాదాపు అడుగడుగునా ఒక వత్తే. దాన్ని మేం Ramabhadra ఫాంట్‌లో పెట్టాం. అది శీర్షికలకు బ్రహ్మాండంగా ఉంటుంది. వధూవరుల పేర్లు పెద్దగా వేస్తే దానికి సాటి లేదు. కానీ అక్షరం బాగా లావు. చిన్న సైజులో అక్షరానికీ కింది వత్తుకీ మధ్య ఖాళీ అంతంతమాత్రమే. పైగా మనవాళ్లకు తెల్ల అక్షరం చుట్టూ మందపాటి గీత ఉంటేనే తృప్తి. నాకూ అంతే, దాచడం ఎందుకు.

అసలు దెబ్బ ఆ గీత దగ్గరే తగిలింది. 1080 పిక్సెళ్ల వెడల్పున్న నిలువు వీడియోలో అక్షరం సైజు 64, గీత మందం 8 పెట్టాం. మేం వీడియోలు చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో గీత అక్షరం అంచు మీద పడుతుంది, సగం లోపలికి, సగం బయటికి. అంటే పై అక్షరం నుంచి 4 పిక్సెళ్లు కిందికి, వత్తు నుంచి 4 పిక్సెళ్లు పైకి వస్తాయి. మధ్యలో ఉన్న ఖాళీ కొలిస్తే 6 పిక్సెళ్లే. ఇక మిగిలేదేముంది, అంతా నల్లటి ముద్ద.

దీనికి తోడు ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మన కంటికి ‘త్త’ ఒకే అక్షరం. చాలా ఫాంట్లలో మాత్రం పై త, కింది వత్తు వేర్వేరు బొమ్మలు. Character ప్యానెల్‌లో Fill Over Stroke ఉంటే ఒక్కో బొమ్మకూ దాని గీత, దాని రంగు వరుసగా పడతాయి. తర్వాత గీసే వత్తు గీత, ముందే గీసిన త అడుగుభాగం మీదకెక్కి దాన్ని కొరికేస్తుంది. అక్కడే All Fills Over All Strokes ఎంచుకుంటే ముందు గీతలన్నీ, వాటిపైన తెలుపంతా పడుతుంది. ఈ ఒక్క మార్పుతోనే సగం మురికి పోయింది. వంపుల దగ్గర ముళ్లలా పొడుచుకొచ్చే మొనలు Line Joinను Roundకు మార్చాక పోయాయి.

ఇప్పుడు ఆ లైన్‌ను Noto Sans Telugu SemiBoldలో, సైజు 76లో, రెండు వరుసలుగా విరిచి పెట్టాం. గీత 4కు తగ్గించాం, అంటే బయటికి కనిపించేది 2. ఖాళీని 100 శాతం జూమ్‌లో కొలిస్తే 7 పిక్సెళ్లు, రెండు వైపులా గీతలు పోను 3 మిగిలాయి. వరుసల మధ్య దూరం మామూలుగా 120 శాతం ఉంటుంది. అంతే ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి, అందుకే 150 చేశాం.

గీత సన్నబడితే పూల మండపం మీద అక్షరం తేలిపోదా అంటారు. అక్కడే నీడ పనికొస్తుంది. పక్కకు జరిపిన గట్టి నీడ వద్దు. అది ప్రతి వత్తు పక్కన ఇంకో దొంగ వత్తులా కనిపిస్తుంది. Drop Shadowలో Distance సున్నా, Softness 15 దాకా పెడితే అక్షరం వెనక మసకగా చీకటి పరుచుకుంటుంది. బాగా మెరిసే పూలలైట్ల మీద ఇదీ చాలదు. అలాంటి షాట్‌లో వెనక సగం పారదర్శకమైన నల్లపట్టీ వేస్తాం.

ఒక్క విషయంలో మాత్రం మీ మాట వినలేను. ఎర్ర అక్షరానికి ఆకుపచ్చ గీత అడక్కండి. మేమిచ్చే వీడియో ఫైలులో వెలుగు ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంటుంది కానీ, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటే. వెలుగులో తేడా లేని రెండు రంగులు పక్కపక్కన పడితే వత్తు అంచు అలుక్కుపోతుంది. తెలుపు లేదా లేత పసుపు అక్షరం, ముదురు గోధుమ గీత అయితే ఆ ఇబ్బంది రాదు.

ఈ సీజన్‌లో తీసుకున్నవాళ్లెవరికైనా ఇలాగే అతుక్కుని ఉంటే ఆ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ పంపండి. డబ్బులేమీ తీసుకోకుండా మళ్లీ చేసిస్తాం. ఇప్పుడు వరస పెళ్లిళ్లు కాబట్టి మూడు రోజులు పడుతుంది. కొత్త ఆర్డర్లకు ముహూర్తం లైన్ ఒక్కటి ముందే ఫోన్‌కు పంపుతాం. చేయి చాచినంత దూరంలో పట్టుకుని చదివి, ‘ష్ఠ’ ష్ఠలాగే ఉందో లేదో చెప్పండి. మీరు సరేనన్నాకే మిగతా పని మొదలుపెడతాం.