ఐ బీమ్ మధ్య రేకును కోయనివ్వకండి

సంపాదకుడు గారికి,

మా వీధిలో ఒక దుకాణంపై ఇనుప బీమ్‌లతో మరో అంతస్తు వేస్తున్నారు. ఏసీ పైపు కోసం స్తంభానికి అడుగు దూరంలోనే ఐ బీమ్ వెబ్‌ను, అంటే మధ్యలో నిలువుగా ఉండే రేకును, గ్యాస్ కట్టర్‌తో నాలుగు అంగుళాల మేర కోసేశారు. నేను ఆపబోతే వెల్డర్ అన్నాడు: "బరువంతా పైనా కిందా ఉన్న మందపాటి ఫ్లాంజీలదే కదా సార్, మధ్యలో ఏముంది?"

స్ట్రక్చరల్ డిజైన్‌లో పనిచేసినవాడిగా చెబుతున్నాను, అతని మాట సగమే నిజం. బీమ్ వంగేటప్పుడు లాగుడు, నొక్కుడు ఎక్కువగా ఫ్లాంజీలే మోస్తాయి. సరిగ్గా మధ్య ఎత్తులో, న్యూట్రల్ ఆక్సిస్ దగ్గర, వంపు వల్ల వచ్చే ఒత్తిడి సున్నా. కానీ షియర్, అంటే పొరలను ఒకదానిపై ఒకటి జారేలా చేసే బలం, ఇందుకు సరిగ్గా తలకిందులు. విడి చెక్కలను పేర్చి వంచితే ఒకదానిపై ఒకటి జారతాయి. ఒకే ముక్కగా ఉన్న బీమ్‌లో ఆ జారుడును ఇనుమే ఆపాలి. పై అంచు నుంచి కిందికి వస్తుంటే ఆపాల్సిన బలం పోగవుతూ న్యూట్రల్ ఆక్సిస్ దగ్గర అత్యధికమవుతుంది.

300 మిల్లీమీటర్ల ఎత్తు, 140 వెడల్పు, 12.4 మందం ఫ్లాంజీలు, 7.5 మందం వెబ్ ఉన్న బీమ్‌పై 10 టన్నుల షియర్ పడిందనుకుందాం. వెబ్‌ను తాకే చోట ఫ్లాంజీలో షియర్ ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 0.2 కిలోలే. ఒక్క గీత దాటి వెబ్‌లోకి రాగానే అది 3.9 అవుతుంది. బలం మారలేదు, 140 వెడల్పు కాస్తా 7.5కి తగ్గింది, అంతే. న్యూట్రల్ ఆక్సిస్ దగ్గర 5 కిలోలు. మొత్తం షియర్‌లో 96 శాతం వెబ్‌దే. ఆ సన్నని రేకులో మూడో వంతుకు పైగా తీసేస్తే, మిగిలిన పైముక్క, కిందిముక్క ఆ భారాన్ని పంచుకుంటూ విడివిడిగా కూడా వంగాలి. రంధ్రం పలకగా, పొడవుగా ఉంటే ఇంకా ప్రమాదం, మూలల్లో చీలిక మొదలవుతుంది.

పైగా షియర్ ఎక్కువగా ఉండేది స్తంభాల దగ్గరే. స్లాబ్ బరువు సమంగా పరుచుకున్న బీమ్‌లో నడిమధ్యన అది దాదాపు సున్నా. పైపు తప్పనిసరైతే ఇంజినీరుతో లెక్క వేయించి, ఆ నడిమధ్యనే, సగం ఎత్తులో, గుండ్రంగా డ్రిల్ చేయించాలి. ఇప్పటికే స్తంభం దగ్గర కోసేసి ఉంటే కింది ఫ్లాంజీకి ప్లేటు అతికించి లాభం లేదు. అది వంపుకు పనికొస్తుంది, షియర్‌కు కాదు. ముందు బీమ్ కింద తాత్కాలిక ఆసరాగా ప్రాప్ పెట్టి, తర్వాత రంధ్రం చుట్టూ వెబ్‌కే బలం చేర్చాలి. రంధ్రం దగ్గర పెయింట్ ఏటవాలుగా పగిలినా, రేకు పక్కకు ఉబ్బినా ఆ గది వెంటనే ఖాళీ చేయాలి.

ఇనుప అంతస్తులకు అనుమతిచ్చే మున్సిపల్ అధికారులకు నా విన్నపం ఒక్కటే: పైపులు ఎక్కడ వెళ్తాయో బీమ్ డ్రాయింగ్‌లోనే చూపించమని అడగండి. తనిఖీకి వెళ్లినప్పుడు సీలింగ్ బిగించకముందే స్తంభాల పక్కన వెబ్‌లు చూడండి.

— ఒక విశ్రాంత ఇంజినీరు, గుంటూరు