మూత్రం తేటబడగానే జబ్బు పోయినట్టు కాదు

సంపాదకులకు,

మీ ఆరోగ్య పేజీలో ఆ ప్రశ్నోత్తరం వచ్చి వారం దాటింది. ఎవరో ఒక వైద్యుడు తప్పు దిద్దుతూ రాస్తాడని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదో, రాసినా మీరు వేయలేదో తెలియదు కానీ ఇక ఊరుకోలేక నేనే రాస్తున్నాను. 22 ఏళ్ల యువకుడు అడిగిన ప్రశ్నలో లోపమేమీ లేదు. గొంతు నొప్పి, జ్వరం మొదలైన మర్నాడో, ఆ మర్నాడో మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తోందని, మంట లేదని, నాలుగైదు రోజుల్లో దానంతటదే తేటబడుతోందని, ఇలా కావడం ఇది రెండోసారని చెప్పాడు. ఒక వైద్యుడికి ఇంతకంటే విప్పి చెప్పగలిగే రోగి దొరకడు. దానికి మీ నిపుణుడిచ్చిన సలహా: మూత్రంలో ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది, యాంటీబయాటిక్స్ వాడండి, నీళ్లు బాగా తాగండి, రంగు మామూలైతే ఆందోళన అక్కర్లేదు.

ఆ చివరి వాక్యమే నన్ను కలం పట్టించింది. ఆందోళన అవసరమో కాదో తేలేది రంగు మామూలయ్యాకే.

నేను చాలా ఏళ్లు పాథాలజీ ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనవాడిని. మీ పాఠకుడు చెప్పిన లక్షణాలు చదవగానే మొదట గుర్తొచ్చే జబ్బు ఐజీఏ నెఫ్రోపతి. యుక్తవయసులో తరచు బయటపడే కిడ్నీ జబ్బు ఇది. గొంతు, ముక్కు, పేగుల లోపలి పొరల దగ్గర శరీరానికి కాపలా కాసే ప్రతిరక్షక పదార్థం పేరు ఐజీఏ. కొందరిలో దాని నిర్మాణంలో ఒక చిన్న చక్కెర అణువు, గెలాక్టోజ్, లోపిస్తుంది. అలా లోపమున్న ఐజీఏను శరీరం పరాయిదిగా భావించి దానిమీద మళ్లీ ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. రెండూ ముద్దకట్టి కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని నాళాల చుట్టల మధ్య పేరుకుంటాయి. గొంతు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఈ గొడవ ఎగదోసుకుని వడపోత గోడ దెబ్బతింటుంది, ఎర్ర రక్తకణాలు మూత్రంలోకి జారిపోతాయి. గొంతులోని క్రిమి మూత్రాశయంలోకి దిగదు. కనుక మూత్రంలో క్రిములున్నాయేమో పెంచి చూసే కల్చర్ పరీక్ష చేస్తే ఏమీ పెరగదు. పెరగనప్పుడైనా అనుమానించాలి కదా!

గొంతు నొప్పికీ రంగు మారడానికీ మధ్య ఎన్ని రోజులన్నది ఇక్కడ అసలు ఆధారం. ఐజీఏ నెఫ్రోపతిలో ఒకటి నుంచి మూడు రోజులు. చాలాసార్లు గొంతు ఇంకా మండుతుండగానే మూత్రం మారుతుంది. స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల గొంతు పాడయ్యాక వచ్చే మరో కిడ్నీ వాపులో సాధారణంగా ఒకటి రెండు వారాల ఎడం ఉంటుంది. ఆ రెండోదానిలో రక్తంలో సీ3 అనే పదార్థం చాలామందికి పడిపోయి, రెండు నెలల్లోపు మళ్లీ కోలుకుంటుంది. ఐజీఏ నెఫ్రోపతిలో అది సాధారణంగా మామూలుగానే ఉంటుంది. పాఠకుడు రోజులు లెక్కపెట్టి మరీ చెబితే, నిపుణుడు ఆ వివరం మీద కన్నే వేయలేదు.

మా చెల్లెలి కొడుక్కి జరిగింది చెబుతాను. 23 ఏళ్లు, ఆరోగ్యవంతుడు. మొదటిసారి గొంతు నొప్పి వచ్చిన రెండో రోజు మూత్రం కోలా రంగులో వచ్చింది. యాంటీబయాటిక్ రాశారు, అయిదో రోజుకు తేటబడింది, ఘనత మాత్రకు దక్కింది. మాత్ర వేయకపోయినా అయిదో రోజుకు తేటబడేదే. కొన్ని నెలలకు మళ్లీ అదే తంతు. ఈసారి స్కానింగ్‌లో మూడు మిల్లీమీటర్ల రాయి కనిపించింది. ఇంకేముంది, నేరస్థుడు దొరికిపోయాడు! నడుము పట్టేసే నొప్పి లేదు, రక్తపు గడ్డలు లేవు, గొంతు నొప్పి వచ్చినప్పుడే రాయి ఎందుకు మేల్కొంటుందని అడిగినవాళ్లు లేరు. పైగా గొంతు నొప్పికి రోజుకు మూడు చొప్పున డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు రాశారు. కిడ్నీ ఇలా దెబ్బతిని ఉన్న సమయంలో దూరంగా ఉంచాల్సిన మందు అదే.

మూడోసారి నేను దగ్గరున్నాను. తాజా మూత్రాన్ని గంటలోపే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పించాను. పైన తేరుకున్న నీరు దాదాపు తేటగా ఉంది, ఎరుపంతా అడుగున చేరింది. అంటే రంగు వచ్చింది రక్తకణాల వల్లే. పైనీరు ఎర్రగా ఉండి అడుగున కణాలు లేకపోతే అది వేరే కథ, కణాలు పగిలో కండరాలు నలిగో వచ్చిన రంగు. ఆ అడుగు మడ్డిని మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి కణాలు తక్కువ, బుడిపెలు మొలిచినవి, అంచులు నలిగినవి ఎక్కువ. కిడ్నీ వడపోత గోడను ఒరుసుకుంటూ బయటపడ్డ కణాలు అలాగే వంకర్లు పోతాయి. రాయి వల్లో మూత్రాశయం నుంచో వచ్చే కణాలు చాలావరకు గుండ్రంగానే ఉంటాయి. ఒకచోట ఎర్రకణాలు కూరుకుపోయిన గొట్టం ఆకారపు ముద్ద కూడా కనిపించింది. అది కనిపించాక రాయి మాట ఎత్తాల్సిన పనిలేదు.

ఈ పరీక్షకు ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు, చూసే కన్ను ఉంటే చాలు. కానీ ఇప్పుడు ఏ లాబుకు వెళ్లినా మూత్రం ఉదయం ఇస్తే సాయంత్రం దాకా బల్లమీదే మగ్గుతుంది, ఈలోగా కణాలు కరిగిపోతాయి. తర్వాత యంత్రం ‘ఆర్‌బీసీ: అధికం’ అని అచ్చుకొట్టి ఇస్తుంది. ఆ ఎర్రకణాలు ఎలాంటివని అడిగితే కౌంటర్లో కుర్రాడు మనల్నే వింతగా చూస్తాడు. లాబులకు అనుమతులిచ్చే అధికారులు గోడమీద ధ్రువపత్రం వేలాడుతోందా లేదా చూసి వెళతారు, మైక్రోస్కోపు కటకం మీద దుమ్ము ఎంత మందాన ఉందో చూడరు. ఉద్యోగంలో చేరేముందు జరిగే వైద్య పరీక్షల సంగతి చెప్పనక్కర్లేదు. ఛాతీ కొలత తప్పకుండా రాస్తారు. బీపీ అందరికీ 120/80! ఎంత క్రమశిక్షణ గల యువతరం! మా వాడికీ ఉద్యోగంలో చేరినప్పుడు అదే అంకె రాశారు.

అసలు బీపీ ఎంతో కిడ్నీ వైద్యుడు చూశాక తెలిసింది: 146/94. అయితే ఆయన ఆ రోజే తీర్పు చెప్పలేదు. రక్తం పోతున్నప్పుడు మూత్రంలో ప్రొటీన్ కొలిస్తే లెక్క తప్పుతుందని, తేటబడ్డాక మళ్లీ రమ్మన్నారు. కొన్ని వారాల తర్వాత, నీళ్లలా తేటగా ఉన్న మూత్రంలో ప్రొటీన్‌కూ, కిడ్నీ బయటికి పంపే వ్యర్థమైన క్రియాటినిన్‌కూ నిష్పత్తి 1.6 వచ్చింది. ఉండాల్సింది 0.2 లోపు. రక్తంలో క్రియాటినిన్ 1.4. లాబు కాగితం మీద ‘స్వల్పంగా ఎక్కువ’ అని ఉంది. ఆ వయసుకు లెక్కకడితే కిడ్నీ వడపోత సామర్థ్యం నిమిషానికి సుమారు 72 మిల్లీలీటర్లకు దిగిందని తేలింది, అది వందకు పైన ఉండాల్సిన వయసు. మీ నిపుణుడి సూత్రం ప్రకారం ఆ రోజు మా వాడికి ‘ఆందోళన అక్కర్లేదు’. రంగు మామూలే మరి.

ఆ తర్వాత బయాప్సీ. ఈ జబ్బును రక్త పరీక్షతో తేల్చలేరు. రక్తంలో ఐజీఏ పెరిగేది దాదాపు సగం మందిలోనే, పెరిగినంత మాత్రాన జబ్బున్నట్టూ కాదు. 1968లో పారిస్‌లో జాన్ బెర్జర్, నికోల్ ఇంగ్లే ఈ జబ్బును మొదట వివరించగలిగింది కూడా, కిడ్నీ ముక్కలో ఐజీఏను మెరిసే రంగుతో చూపించే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పద్ధతి చేతికొచ్చాకే. ఇక్కడొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ పరీక్షకు వెళ్లే ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు, దానికి వేరే ద్రావణం ఉన్న సీసా కావాలి. మామూలు మైక్రోస్కోపు పరీక్షకు వెళ్లే ముక్కనూ దీన్నీ కలిపి ఒకే ఫార్మలిన్ సీసాలో పడేసి పంపితే, రోగి నడుములో సూది గుచ్చింది చాలావరకు వృథా అవుతుంది. సీసా మీద చీటీ చదివే తీరిక లేనివాళ్లు పంపిన అలాంటి నమూనాలు నా బల్లమీదికి ఎన్నిసార్లొచ్చాయో! మా వాడి విషయంలో సీసాలు రెండూ సరిగానే వెళ్లాయి, ఐజీఏ నెఫ్రోపతి అని తేలింది.

ఇప్పుడతను బీపీ తగ్గిస్తూనే ప్రొటీన్ కారడాన్ని అడ్డుకునే రామిప్రిల్ వాడుతున్నాడు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే. మందు మొదలుపెట్టిన రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ చూశారు. ఆరు నెలలకు ప్రొటీన్ నిష్పత్తి 0.4కు దిగింది. దిగకపోయి ఉంటే స్టెరాయిడ్ల వంటి మందుల గురించి ఆలోచించేవారు. నిష్పత్తి దిగినంత మాత్రాన జబ్బు పోలేదు, గొంతు నొప్పి వస్తే మళ్లీ రంగు మారవచ్చు. కానీ ఈ జబ్బులో కిడ్నీ భవిష్యత్తును చెప్పేది మూత్రం ఎన్నిసార్లు ఎర్రబడిందన్న లెక్క కంటే, మధ్యలో తేటగా ఉన్న నెలల్లో ప్రొటీన్ ఎంత పోతోంది, బీపీ ఎంత ఉంది అన్నవే. ఏమీ తెలియకుండా పదేళ్లు గడిపి, ఒక్కసారిగా డయాలిసిస్ గది తలుపు దగ్గర తేలేవాళ్లు ఈ తేట నెలల్ని నమ్మినవాళ్లే.

అందరికీ ఇలా జరుగుతుందని భయపెట్టడం లేదు. ప్రొటీన్ పోకుండా, బీపీ, క్రియాటినిన్ మామూలుగా ఉన్నవాళ్లకు బయాప్సీ కూడా వెంటనే అక్కర్లేకపోవచ్చు. ఏడాదికొకసారి ఆ మూడూ చూసుకుంటూ ఉంటే సరిపోతుంది. మూత్రం ఎర్రబడినప్పుడు పరిమాణం తగ్గిపోతున్నా, మొహం, కాళ్లు ఉబ్బుతున్నా మాత్రం మర్నాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. రక్తకణాలు కిడ్నీ గొట్టాల్లో ఇరుక్కుని క్రియాటినిన్ ఎగబాకే సందర్భం అది. చాలామందికి కిడ్నీ తిరిగి కోలుకుంటుంది, కానీ కోలుకుందని కొలిచి చూడాలి.

ఇంతకీ నేను అడిగేది చిన్న పని. ఆ యువకుడి ప్రశ్నకు మళ్లీ జవాబు వేయండి. రంగు తగ్గాక మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్, బీపీ చూపించుకోమని, కిడ్నీ వైద్యుణ్ణి కలవమని, ఈలోగా నొప్పి మాత్రలు తన ఇష్టానికి వేసుకోవద్దని రాయండి. ఏ పేజీలో తప్పు వేశారో ఆ పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. లోపలి పేజీ అడుగున, శ్రద్ధాంజలి ప్రకటనల పక్కన వేసే సవరణలు ఎవరు చదువుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

– ఒక విశ్రాంత లాబ్ ఉద్యోగి