జలుబు మాత్రల అట్ట మీద ఒక్క వాక్యం అచ్చు వేయించండి

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో ఒక మందుల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. నా చేతులతో నేనే ఇచ్చిన రెండు మాత్రల గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మేనకోడలి పెళ్లికి లండన్ నుంచి వచ్చిన ఒక ఆవిడకు జలుబు చేసింది. వాళ్ల తమ్ముడు దుకాణానికి వచ్చి, "ముక్కు దిబ్బడ వేసింది, ఏదైనా ఇవ్వండి" అన్నాడు. పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మాత్రలు రెండు కత్తిరించి ఇచ్చాను. ఎవరికి అని అడిగాను, ఎంత వయసు అని అడిగాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని మాత్రం అడగలేదు. ఆవిడ రెండూ ఒకేసారి వేసుకున్నారు. గంట తిరగకముందే మెడ వెనుక మొదలైన నొప్పి తలంతా పాకి, సుత్తితో మోదినట్లు అయింది. చెమటలు, గుండెదడ, వాంతి. ఆసుపత్రిలో చూస్తే రక్తపోటు 200/110 ఉంది. అదృష్టవశాత్తు దక్కారు.

ఆవిడ చేతిసంచిలో ఫినెల్జిన్ మాత్రలు ఉన్నాయి. తీవ్రమైన కుంగుబాటుకు, ఇతర మందులు పనిచేయనప్పుడు ఇచ్చే పాత మందు అది. మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అది అడ్డుకుంటుంది. మనం తినే కొన్ని పదార్థాల్లో ఉండే టైరమిన్‌ను పేగులో, కాలేయంలో విరగ్గొట్టేది ఆ ఎంజైమే. అది పనిచేయకపోతే టైరమిన్ నేరుగా రక్తంలోకి వచ్చి, నరాల చివరల్లో నిల్వ ఉన్న నార్అడ్రినలిన్‌ను ఒక్కసారిగా బయటకు నెడుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. రక్తపోటు ఆకాశానికి ఎక్కుతుంది, ఒక్కోసారి మెదడులో నాళం చిట్లుతుంది. మామూలు మనిషి వందల మిల్లీగ్రాముల టైరమిన్‌ను తట్టుకుంటాడు. ఈ మందు వాడేవారికి పది నుంచి పాతిక మిల్లీగ్రాములే ప్రమాదం. ఫినైలెఫ్రిన్ దారి కాస్త వేరు. అది రక్తనాళాలను తనే నేరుగా బిగిస్తుంది. మామూలుగా పేగులో, కాలేయంలో ఇదే ఎంజైము దాన్ని కొంతవరకు విరగ్గొడుతుంది కాబట్టి, ఎంజైము ఆగితే దాని మోతాదు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువగా రక్తంలో చేరుతుంది.

తిండితో వచ్చే ఈ ప్రమాదాన్ని మొదట పట్టుకున్నదీ ఒక ఫార్మసిస్టే. 1963లో ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో పనిచేసే రో అనే ఆయన, ఇలాంటి మందు వాడుతున్న తన భార్యకు చీజ్ తిన్నప్పుడల్లా తలనొప్పి వస్తోందని, వెన్న, పాలు తీసుకుంటే రావడం లేదని గమనించి, లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యుడు బారీ బ్లాక్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. మొదట ఎవరూ నమ్మలేదు. ఆ ఏడాదే బ్లాక్‌వెల్ దాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. కారణం నెలల తరబడి మాగబెట్టిన చీజ్‌లో పేరుకున్న టైరమిన్.

లండన్ వైద్యులు ఆవిడకు ఇచ్చిన కాగితంలో మాగిన చీజ్, సోయా సాస్, ఉప్పు పట్టించి నిల్వ చేసిన మాంసం, పీపా నుంచి పోసే బీరు అన్నీ ఉన్నాయి. ఆవిడ వాటిని తాకలేదు. పెళ్లిభోజనంలో పనీర్, పెరుగు తిన్నారు. అవి తాజావి కాబట్టి ఇబ్బంది లేదు. ముక్కు దిబ్బడ మాత్రల సంగతి కూడా ఆ కాగితంలో ఉంది, కానీ మన అట్ట మీద ఆ మాట లేదు కాబట్టి ఆవిడకు అనుమానం రాలేదు.

ఫినెల్జిన్ మన ఊళ్లలో అరుదే. కానీ పార్కిన్సన్స్ జబ్బుకు వాడే కొన్ని మందులకూ ఈ ఎంజైమును అడ్డుకునే గుణం ఉంది. మందులకు లొంగని క్షయకు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్న లినెజోలిడ్‌కూ, ఫినెల్జిన్ అంత బలంగా కాకపోయినా, అదే గుణం ఉంది. ఆ క్షయ రోగికి దగ్గు, జలుబు మామూలే. అతను నేరుగా నా దగ్గరికే వస్తాడు.

అమెరికాలో ముక్కు దిబ్బడ మాత్రల పెట్టె మీద, ఈ ఎంజైమును అడ్డుకునే మందు వాడుతున్నా, ఆపి రెండు వారాలు కాకపోయినా వేసుకోవద్దని రాసి ఉంటుంది. శరీరం ఎంజైమును తిరిగి తయారుచేసుకోవడానికి పట్టే కాలం అది. మన దగ్గరా ఇలాంటిది సాధ్యమే. ఇదే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలయిక మీద, నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని ముద్రించాలని 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు.

ఆ పక్కనే మరో వాక్యం ముద్రింపజేయమని కోరుతున్నాను: "కుంగుబాటు, పార్కిన్సన్స్, మొండి క్షయ మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా వేసుకోవద్దు." తెలుగులోనూ ఉండాలి, కంటికి ఆనేంత అక్షరాల్లో ఉండాలి. క్షయ కేంద్రంలో లినెజోలిడ్ ఇచ్చేటప్పుడే, జలుబుకు సొంతంగా మందు కొనవద్దని రోగి కార్డు మీద రాయించండి. ఏ మందులు వాడుతున్నారో అడగకుండా ఈ మాత్రలు అమ్మకూడదని దుకాణాలకు ఉత్తర్వు ఇవ్వండి. నేను ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. ఒక్కొక్కరికి అర నిమిషం పడుతోంది.

భవదీయుడు,
ఒక ఫార్మసిస్టు, గుంటూరు జిల్లా