సెమినార్‌లో మాట్లాడటం గురించి అమ్ములుకి

అమలాపురం

చిరంజీవి అమ్ములుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ నీకు వేరే రాస్తానంది.

సెమినార్‌లో నువ్వు నోట్సు రాసుకుంటూ కూర్చుంటే, మీ మేడం నువ్వు చదవకుండా వచ్చావనుకుంటున్నారని ఫోన్లో చెప్పావు కదా. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు. నువ్వు పంపిన మాడ్యూల్ హ్యాండ్‌బుక్ తెరిచి మొత్తం చదివాను. ఇన్నేళ్ళుగా డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్తున్నవాడిగా నాకు తోచింది రాస్తున్నాను.

ముందు గంటల లెక్క చూడు. మీ మాడ్యూల్‌కి 20 క్రెడిట్లు. బ్రిటన్‌లో ఒక క్రెడిట్ అంటే సుమారు 10 గంటల చదువు, అంటే మొత్తం 200 గంటలు. వారానికి రెండు గంటల లెక్చర్, ఒక గంట సెమినార్ చొప్పున పది వారాలకి 30 గంటలే అవుతాయి. మిగిలిన 170 గంటలు నువ్వు సొంతంగా చదవడానికీ, వ్యాసాలు రాయడానికీ. మన దగ్గర పాఠం క్లాసులో జరుగుతుంది, ఇంట్లో దాన్ని మళ్ళీ చదువుకుంటాం. అక్కడ అసలు చదువు ఆ 170 గంటల్లోనే జరుగుతుంది. దాంట్లోంచి నీకేం తేలిందో చెప్పమనడానికే సెమినార్. మన క్లాసులో మౌనం వినయం. అక్కడ నువ్వు మాట్లాడకపోతే నీ చదువు వాళ్ళకి కనిపించే దారి లేదు.

ముప్పై పేజీల వ్యాసాన్ని మొదటి పేజీ నుంచి వరసగా, ప్రతి వాక్యం కింద గీతలు గీస్తూ చదువుతున్నావని నా అనుమానం. అలా చదివితే రాత్రంతా కూర్చున్నా చివరికి గుర్తుండేది తక్కువ. ముందు సారాంశం, పరిచయం, ముగింపు చదువు. తర్వాత పట్టికలు చూడు. అప్పుడు కాగితం మీద మూడు సంగతులు నీ మాటల్లో రాసుకో: రచయిత ఏమంటున్నాడు, దేని ఆధారంగా అంటున్నాడు, ఎక్కడ నీకు నమ్మకం కుదరలేదు. మూడోది రాయలేకపోతే మధ్య భాగం ఇంకోసారి చదవాలన్నమాట.

నీది నీటి నిర్వహణ కోర్సు కాబట్టి మన ఊరి సంగతే తీసుకుందాం. కాలువ నీరు అందితే డెల్టా రైతు నిలదొక్కుకుంటాడని ఒక వ్యాసం వాదించిందనుకో. నువ్వు లేచి ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందనీ, దాంతో డెల్టా పచ్చబడిందనీ చెబితే తప్పేం లేదు, కానీ అది వ్యాసాన్ని ఒప్పజెప్పడమే. నీ మొదటి అసైన్‌మెంట్ మీద 'వివరణ ఎక్కువ, విశ్లేషణ తక్కువ' అని రాసింది ఇందుకే.

అదే 2011 గుర్తు చేస్తే? ఆ ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడికి తగ్గ ధర రావడం లేదన్నది వాళ్ళ ప్రధానమైన బాధ. కాలువలున్న ఆయకట్టులోనే చేలు బీడు పెట్టారంటే, నీరొక్కటే రైతుని నిలబెడుతుందన్న వాదన సరిపోవడం లేదు. ఇంకో ప్రశ్న కూడా వేయొచ్చు: ఈ రచయిత లెక్క ఆయకట్టు మొత్తానిదా, లేక శివారు భూములకి నీరు ఎప్పుడు చేరిందో కూడా చూశాడా? అయితే ఒక్క ఏడాది సంఘటనతో వాదన మొత్తం కూలిపోయిందనకు. అది ఏ పరిస్థితుల్లో నిలబడుతుంది, ఎక్కడ నిలబడదు అని అడుగు. మీ మేడం ఎదురుచూసేది ఆ ప్రశ్నే. అది ఆవిడని ఎదిరించడం కాదమ్మా, నిశ్చింతగా అడుగు.

మాట్లాడేది మొదటి పది నిమిషాల్లోనే మాట్లాడు. ఆలస్యమైతే నీ మాట ఇంకెవరో అనేస్తారు, గుండె దడ కూడా పెరుగుతుంది. ఒక్క ప్రశ్నయినా చాలు. యాస గురించి బెంగపెట్టుకోకు, నిదానంగా చెప్పు.

అర్థంకానిది ఉంటే ఆవిడ ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళు. హ్యాండ్‌బుక్‌లో వేళలు ఉన్నాయి. అవి విద్యార్థుల కోసమే కేటాయించినవి, మొహమాటం అక్కర్లేదు. కానీ 'ఏమీ అర్థం కాలేదండీ' అంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆవిడకి తెలియదు. ఫలానా పేజీలో ఫలానా వాదన ఇలా అర్థమైంది, సరేనా అని అడుగు.

62 వచ్చిందని ఏడ్చావట, అమ్మ చెప్పింది. మీ ఎంఎస్సీలో 50 పాస్, 60 దాటితే మెరిట్, 70 డిస్టింక్షన్. ఇంటర్‌లో నీకొచ్చిన మార్కులతో దాన్ని పోల్చకు.

వచ్చే సెమినార్ వ్యాసం నాకు పంపు, నేనూ చదువుతాను. ఆదివారం ఫోన్లో నీ మూడు సంగతులూ చెప్పు, నేను అడ్డుప్రశ్నలు వేస్తాను. ఇంగ్లీషులోనే చెప్పు.

ప్రేమతో,
నాన్న