పేరు చెరిగిన గిటార్: కొనే ముందు చూడాల్సిన చోట్లు

“అన్నా, సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ దొరికింది, పేరు చెరిగిపోయింది. ఏ గిటార్ ఇది? మావాడు నేర్చుకోడానికి పనికొస్తుందా?”

ఫోటోలో హెడ్‌స్టాక్, అంటే గిటార్ తల, మొన కోసుగా ఉంది, తీగలు బిగించే ఆరు కీలూ ఒకే వైపు వరసగా ఉన్నాయి. ఫెండర్ స్ట్రాట్‌కీ ఆరూ ఒకే వైపే ఉంటాయి కానీ దాని చివర గుండ్రంగా ఉంటుంది. గిబ్సన్ లెస్ పాల్‌కి మూడు అటూ మూడు ఇటూ. తర్వాత నాబ్‌లు చూడాలి. స్ట్రాట్‌కి ఒక వాల్యూమ్, రెండు టోన్. లెస్ పాల్‌కి మొత్తం నాలుగు, తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లని మార్చే స్విచ్ పై భుజం మీద. మీ ఫోటోలో రెండే నాబ్‌లు, పక్కన ఐదు స్థానాల స్విచ్, మధ్యలో సన్నటి పికప్, దానికి అటూ ఇటూ వెడల్పాటివి. ఐబనెజ్ ఆర్‌జి తరహా ఇది. తరహా అనే అంటున్నాను, ఎందుకంటే ఈ ఆకారాన్ని కాపీ కొట్టినవి చాలా ఉన్నాయి. హెడ్‌స్టాక్ వెనక సీరియల్ నంబర్ లాంటిదేమైనా చూపించకుండా ఐబనెజ్ రేటు అడిగితే ఇవ్వకండి.

పనికొస్తుందా అన్నది తేల్చేది మాత్రం బ్రాండ్ కాదు. నట్ దగ్గర, అంటే ఫ్రెట్‌బోర్డు మొదలయ్యే చోట, అలెన్ బోల్టులతో మూడు ఇనప దిమ్మలు కనిపిస్తున్నాయి చూడండి. అది లాకింగ్ నట్. అవతల, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి తేలుతూ ఉంటుంది: ఒకవైపు తీగల బిగువు, ఒకవైపు వెనక స్ప్రింగులు లాగుతూ దాన్ని నిలబెడతాయి. పిల్లవాడు ఒక తీగ వదులు చేస్తే స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగుతాయి, మిగతా ఐదింటి శ్రుతి పెరుగుతుంది. ఒక తీగ తెగితే మొత్తం శ్రుతి పోతుంది, అలెన్ కీ లేకుండా కొత్తది వేయలేరు. వారం తిరగకముందే పిల్లలు గిటార్ మూలన పెట్టేస్తారు, నేర్పే మాస్టారికీ విసుగే.

అందుకే ఈ నెల నుంచి మా షాపులో లాకింగ్ నట్ ఉన్న పాత గిటార్‌ని కొత్తగా నేర్చుకునేవాళ్లకి అలాగే అమ్మడం ఆపేశాం. అమ్మకం తగ్గుతుందని తెలుసు. కావాలంటే వెనక మూత తీసి, బ్రిడ్జి కింద ఉండే ట్రెమోలో దిమ్మకి ముందూ వెనకా సరిగ్గా పట్టే చెక్కముక్కలు దూర్చి బ్రిడ్జిని కదలకుండా ఆపుతాం. దాంతో శ్రుతి గొడవ చాలా తగ్గుతుంది, గిటార్‌కి ఏ నష్టమూ లేదు, తర్వాత తీసేయొచ్చు. తీగ మార్చడం మాత్రం అప్పటికీ కాస్త కష్టమే.

బ్రిడ్జి కదలని గిటార్ అదే రేటుకి దొరికితే అదే తీసుకోండి. డబ్బులిచ్చే ముందు మాకు మూడు ఫోటోలు పంపండి: హెడ్‌స్టాక్ ఎదురుగా, నాబ్‌లు కనిపించేలా బాడీ మొత్తం, పక్క నుంచి బ్రిడ్జి. మా దగ్గర కొనకపోయినా చూసి చెప్తాం.